గుడి కడతామంటే వద్దన్నాడు, ఊతకర్రలు పెట్టమన్నాడు. ఇదేం పద్ధతి?

వంశధార_గట్టు
మాది కాశీనగర్ దగ్గర పల్లె, గజపతి జిల్లా. ఊరి చివర ఏటి ఒడ్డున పాత శివాలయం ఉంది. గర్భగుడి నిలబడే ఉంది. పైన గోపురం సగం నుంచి లేదు. ముందు మండపం మా తాత చిన్నప్పుడే పడిపోయిందట, ఆ రాళ్ళు చుట్టూ తుప్పల్లో ఉన్నాయి. ఈశాన్యం మూల గోడకు పగులు వచ్చింది, పైన నా అరచెయ్యి నిలువుగా దూరుతుంది.

ఊరంతా చందాలేసుకుని పన్నెండు లక్షలు పోగుచేశాం. శిల్పిని కూడా మాట్లాడుకున్నాం. ఈలోగా భువనేశ్వర్ నుంచి పాత కట్టడాల పని చూసే ఇంజినీరు ఒకాయన వచ్చాడు. రెండు రోజులు సుత్తితో గోడలు తట్టుకుంటూ తిరిగాడు. పగులు మీద చిన్న గాజుముక్క అంటించి తేదీ రాశాడు. "ఇప్పుడే ఏమీ కట్టకండి. ఊతలు పెట్టి, పైన నీళ్ళు దిగకుండా చేసి, ఏడాది చూడండి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

డబ్బుంది, మనుషులున్నారు, రాయి ఉంది. పడిపోతున్న గుడిని కట్టడానికి ఏడాది ఆగడమేమిటి? ఊళ్ళో నన్ను తిడుతున్నారు, ఆయన్ని పిలిచింది నేనే కాబట్టి.

బరంపురం_బాబు
గాజుముక్క అంటించినందుకు ఫీజెంత?

వంశధార_గట్టు
ఫీజు తీసుకోలేదు. భోజనం చేసి వెళ్ళాడు. చేపల పులుసు రెండోసారి కూడా వేయించుకున్నాడు.

రాతిపని_సూరి
నలభై ఏళ్ళుగా రాతిపని చేస్తున్నాను. పగులు వచ్చిన మూలకి సిమెంటు పాలు పంపు పెట్టి లోపలికి కొట్టించండి, పైన చుట్టూ కాంక్రీటు బెల్టు వెయ్యండి. గుడి ఇంకో వందేళ్ళు కదలదు. గోపురం సంగతంటే పక్కనే ముఖలింగం ఉంది, అదీ గంగరాజుల పనే, మీదీ అదే కాలం అయ్యుంటుంది. అది చూసి కొలతలు తగ్గించి కట్టేయొచ్చు. ఏడాది ఆగమన్నాయన ఎప్పుడూ తాపీ పట్టుకోలేదనుకుంటా.

సున్నం_గానుగ
నేను ఈ పనిలోనే రిటైరయ్యాను. సూరిగారి మాటలో సగం వరకే ఒప్పుకుంటాను, మిగతా సగం ప్రమాదం. తర్వాత చెబుతాను.

ముందు గట్టుగారు మూడు సంగతులు చెప్పండి. పగులు పైన వెడల్పా, కింద వెడల్పా? పగులు లోపలి అంచులు తెల్లగా కొత్తగా ఉన్నాయా, మట్టీ నాచూ పట్టి ఉన్నాయా? ఆయన సుత్తితో తట్టినప్పుడు గోడ ఎలా పలికింది?

వంశధార_గట్టు
పైన వెడల్పు. కిందికి వచ్చేసరికి అగ్గిపుల్ల కూడా దూరదు. అంచులు కింద నల్లగా ఉన్నాయి, మధ్యలో ఒక జానెడు మేర మాత్రం కొత్తగా తెల్లగా ఉంది. తట్టినప్పుడు ఉత్తరం గోడ కుండలా పలికింది, మిగతావి గట్టిగానే పలికాయి.

సున్నం_గానుగ
అలా అయితే ఆయన ఆగమన్నది ఎందుకో నాకు అర్థమైంది.

పైన వెడల్పుగా, కింద సన్నగా ఉందంటే ఆ మూల బయటికి ఒరుగుతోందని అర్థం. గోడ బలహీనమైతే పగులు వేరేలా ఉంటుంది. ఇది కింద పునాది దిగడం. అంచులు నల్లగా ఉంటే పాత పగులు, తెల్లగా ఉంటే కొత్తది. మీకు రెండూ ఉన్నాయి. అంటే ఎప్పుడో మొదలై, ఆగి, ఈమధ్య మళ్ళీ కదులుతోంది. కుండలా పలికిందంటే లోపల డొల్ల. మన పాత గోడలు బయట ఒక వరస చెక్కిన రాయి, లోపల ఒక వరస, మధ్యలో గులకరాళ్ళూ మట్టీ సున్నం కలిపిన పూరకం. నీరు దిగి సున్నం కొట్టుకుపోతే ఆ పూరకం కిందికి జారి కూర్చుంటుంది. పైన ఖాళీ అవుతుంది, కింద గోడల్ని రెండువైపులా బయటికి తోస్తుంది.

ఇప్పుడు సూరిగారు చెప్పినట్టు పంపు పెట్టి సిమెంటు పాలు కొడితే ఆ ఒత్తిడికే బయటి వరస ఉబ్బి ఊడొస్తుంది. నేను కళ్ళారా చూశాను. కింద దిగుతున్న మూల మీద గోపురం బరువు పెడితే సంగతి చెప్పక్కర్లేదు. అసలు ప్రశ్న కట్టాలా వద్దా అని కాదు. కదలిక ఆగిందా లేదా అన్నది. అది తేలకుండా ఏది కట్టినా పగులు మళ్ళీ అక్కడే వస్తుంది.

రాతిపని_సూరి
పంపు నెమ్మదిగా కొడతాంలే సార్. మాకు తెలీదా.

సున్నం_గానుగ
పంపు అక్కర్లేదు సూరిగారూ. ఎత్తులో బకెట్టు కట్టి గొట్టంతో వదిలితే చాలు, దానంతటదే దిగుతుంది. కింది బెజ్జంలో పోస్తూ పై బెజ్జంలోంచి కారేదాకా ఆగాలి, అప్పుడు పైది. అదీ సున్నం పాలు. సిమెంటు ఎందుకొద్దంటానంటే, అతుకు రాయికన్నా మెత్తగా ఉండాలి. తడి అతుకులోంచి బయటికి పోతుంది, ఉప్పు పేరుకున్నా అతుకే రాలుతుంది, అతుకు మళ్ళీ వేసుకోవచ్చు. సిమెంటు అతుకైతే అది నిలబడుతుంది, పక్కన రాయి పొట్టు రాలిపోతుంది. మీ వైపు కొండరాయి ఖొండలైటు అయితే మరీను, అది ముందే పొరలు రాలే రాయి.

బరంపురం_బాబు
కోణార్కులో కూడా అదే రాయి కదా. అక్కడ మరి గర్భగుడి ముందుండే మండపం, జగమోహనంలో ఇసుక పోసి తలుపులు మూసేశారు. అది రిపేరా, ఊతకర్రా?

సున్నం_గానుగ
ఊతకర్రే, పెద్దది. కోణార్కులో అసలు గుడి, అంటే గర్భగుడి మీది శిఖరం, పందొమ్మిదో శతాబ్దంలో కాస్త ముక్క మాత్రమే మిగిలింది. 1848లో అదీ పడింది. దాన్ని తిరిగి కట్టలేదు, ఎత్తు, వంపు ఖాయంగా చెప్పే ఆధారం కూడా లేదు. ముందున్న జగమోహనాన్ని మాత్రం కాపాడాలని 1903లో లోపలంతా ఇసుకతో నింపి మూసేశారు.

ఆ ఇసుకే తర్వాత తలనొప్పి అయింది. కాలం గడిచేకొద్దీ కిందికి కుదించుకుని పైన ఖాళీ ఏర్పడింది. అంటే ఏ కప్పుకు ఆసరా అని పోశారో దానికే ఆనడం మానేసింది. దాన్ని తీయాలని ఇప్పుడు పురావస్తు శాఖ చూస్తోంది. తీసేటప్పుడు కప్పు ఎలా స్పందిస్తుందోనని టెన్షన్. నిలబెట్టడం అంటే ఏమీ చెయ్యకపోవడం కాదు, దానివల్లా నష్టం ఉంటుందని చెప్పడానికే ఇదంతా. ఊత ఏదైనా తిరిగి తీయగలిగేలా పెట్టుకోవాలి.

హనుమకొండ_అరుణ
మా వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం కథ చెప్పాలి. 2006లో విప్పారు, 2024 మార్చిలో తెరిచారు. నేను స్కూల్లో ఉండగా విప్పిన రాళ్ళకు నంబర్లు వేసి పెట్టారు, నా కూతుర్ని తీసుకెళ్ళి చూపించేసరికి మండపం నిలబడింది. పునాది కుంగడం వల్లనే విప్పాల్సి వచ్చిందని చెప్పేవాళ్ళు. విప్పి కట్టడం ఒక్కోసారి తప్పదు. కానీ ఏడాది ఆగలేమంటున్న గట్టుగారికి పద్దెనిమిదేళ్ళు చూపిస్తున్నా.

వంశధార_గట్టు
అమ్మా అరుణగారూ, ఈ ముక్క మా ఊళ్ళో చదివి వినిపిస్తే నన్ను ఊరు వదిలి పొమ్మంటారు.

సిరోంచ_శ్రీను
మా గడ్చిరోలి జిల్లాలో మార్కండ గుళ్ళు ఉన్నాయి, వైన్‌గంగ ఒడ్డున. అక్కడ కూడా పాతకాలంలో పిడుగు పడి శిఖరం మండపం మీద కూలిందట, తర్వాత గోండు రాజు ఒకాయన లోపల లావుపాటి తోరణాలు పెట్టి నిలబెట్టించాడట. ఇలా నిలబెట్టి ఊరుకోవడం అంటే గవర్నమెంటు నిర్లక్ష్యమే. మా తాతగారి ఇల్లు కూడా ఇలాగే. దూలం కుంగితే కింద కర్ర పెట్టారు, ఇరవై ఏళ్ళయింది, ఆ కర్రకి ఇప్పుడు బట్టలు ఆరేస్తున్నాం.

హనుమకొండ_అరుణ
శ్రీనుగారూ, గోండు రాజు గవర్నమెంటు కాదు 😄 పైగా ఆయన పెట్టిన తోరణాలు ఇప్పుడు చరిత్రలో భాగమేగా? అసలు రూపం తెస్తామని వాటిని తీసేస్తే ఆయన కాలం పోతుంది.

సిరోంచ_శ్రీను
తీసేస్తే ఒరిజినల్ కనిపిస్తుంది కదా.

సున్నం_గానుగ
ఇక్కడ నిపుణులకే పడదు. ఆ తోరణాలు ఇప్పుడు బరువు మోస్తున్నాయా లేదా అన్నది ముందు చూస్తారు. మోస్తుంటే మాట్లాడక్కర్లేదు, ఉండాల్సిందే. మోయకపోతే అప్పుడు వాదించుకోవచ్చు.

పూజారింటి_కామేశు
నేను వేరే కోణం చెబుతాను. మీరంతా గుడిని రాళ్ళుగా చూస్తున్నారు. ఆగమం ప్రకారం జీర్ణమైన ఆలయాన్ని ఉద్ధరించడం పుణ్యం, అలా వదిలెయ్యడం దోషం. దేవుణ్ణి తాత్కాలికంగా బాలాలయానికి మార్చి, పని పూర్తి చేసి, మళ్ళీ ప్రతిష్ఠ చేస్తాం. ముక్కలైన దానికి పూజ ఉండదు. మన పెద్దలు వెయ్యేళ్ళుగా గుళ్ళు ఇలాగే బాగు చేసుకుంటూ వచ్చారు. ఊహించి కట్టకూడదని ఎవడో విదేశీయుడు రాసిన నియమం మన గుడికెందుకు?

సున్నం_గానుగ
కామేశుగారి మాట తీసిపారేసేది కాదు. 1964లో వెనిస్‌లో రాసుకున్న ఒప్పందం ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలంటుంది. శిథిలాల విషయంలో పడిన రాళ్ళని వాటి చోట పెట్టడం వరకే ఒప్పుకుంటుంది. అది ఎక్కువగా ఐరోపా కట్టడాలను మనసులో పెట్టుకుని రాసింది. మన దేశంలోనే 2004లో వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇంటాక్ సంస్థ వాళ్ళు రక్షణ జాబితాలో లేని కట్టడాల కోసం వేరే పత్రం రాసుకున్నారు. అందులో సంప్రదాయ శిల్పులు, వాడుకలో ఉన్న గుళ్ళ విషయం గౌరవంగానే ఉంది. గట్టుగారి గుడి ఏ జాబితాలోనూ లేకపోతే రక్షిత కట్టడాల చట్టం వాళ్ళని ఆపదు. ఆపాల్సింది పునాదే.

పైగా ఉద్ధరణ అంటే పాత రాయి పారేసి టైల్స్ వెయ్యడం కాదని మీకూ తెలుసు.

పూజారింటి_కామేశు
టైల్స్ సంగతి ఎత్తకండి. మా గుడిలో ధ్వజస్తంభానికి కూడా వేశారు.

రాతిపని_సూరి
సరే, పునాది సరిచేశారనుకుందాం. అప్పుడైనా గోపురం కట్టొచ్చా లేదా? ముఖలింగం చూసి కట్టడంలో తప్పేంటో చెప్పండి.

సున్నం_గానుగ
కట్టడానికి మీకు తెలిసిందేమిటో ముందు లెక్క చూద్దాం. గట్టుగారూ, తుప్పల్లో గాడులు పడ్డ వంపు రాయి ముక్క ఏదైనా ఉందా? ఉసిరికాయ చెక్కులా ఉంటుంది.

వంశధార_గట్టు
ఉంది. పిల్లలు దాని మీద కూర్చుని ఫోను చూసుకుంటారు.

సున్నం_గానుగ
అదే ఆమలకం, శిఖరం మీది రాయి. పిల్లల్ని లేపి, వంపు బయటి అంచు రెండు చివర్ల మధ్య తాడు లాగి పట్టుకుని కొలవండి. మధ్యలో తాడుకీ వంపుకీ దూరం కూడా కొలవండి.

వంశధార_గట్టు
తాడు 60 సెంటీమీటర్లు. మధ్యలో దూరం 5.

సున్నం_గానుగ
60ని 60తో గుణిస్తే 3600. దాన్ని 5కి ఎనిమిది రెట్లు, అంటే 40తో భాగిస్తే 90. దానికి 5లో సగం కలపండి, 92.5. అది వ్యాసార్ధం. అంటే మీ ఆమలకం అడ్డం దాదాపు 185 సెంటీమీటర్లు. చూశారా, ఒక్క ముక్కతో ఇంత ఖాయంగా తెలిసింది.

ఇక ఎత్తు? మిగిలిన సగం గోడ ఏ వంపులో లోపలికి తిరుగుతోందో తెలుసు, పైన ఎంత వెడల్పు దగ్గర ఆగాలో ఆమలకం నుంచి సుమారుగా తెలుసు. కానీ ఆ రెంటి మధ్య ఎన్ని వరసలో తెలీదు. వంపు నెమ్మదిగా తిరిగిందా, చివర్లో ఒక్కసారిగా తిరిగిందా తెలీదు. ముఖలింగం చూస్తే ఆ కాలపు శిల్పి ఏం చేసి ఉండొచ్చో తెలుస్తుంది, ఈ శిల్పి ఏం చేశాడో తెలీదు. సూరిగారూ, మీరు కట్టిన రెండు గుళ్ళు ఒకేలా ఉన్నాయా?

రాతిపని_సూరి
ఉండవు. రెండో దానికి డబ్బు తక్కువిచ్చారు.

బరంపురం_బాబు
😂 ఈ థ్రెడ్ సేవ్ చేసుకున్నా.

హనుమకొండ_అరుణ
మరి మండపం? దానికి కప్పు బల్లపరుపు, వంపు గొడవ లేదు. రాళ్ళు అక్కడే ఉన్నాయంటున్నారు.

వంశధార_గట్టు
మొన్న కుర్రాళ్ళతో తుప్పలు కొట్టించి లెక్కపెట్టాం. నేల మీద పన్నెండు స్తంభాల పీటలు కనిపిస్తున్నాయి. స్తంభాలు తొమ్మిది దొరికాయి, ఏడు నిలువునా బాగున్నాయి. దూలాలు మూడే, అందులో ఒకటి విరిగింది. మిగతావి ఊళ్ళో అరుగులకీ, బావి గట్టుకీ వెళ్ళాయని ముసలాళ్ళు చెబుతున్నారు. మా పక్కింటి మెట్టు మీద పువ్వు చెక్కి ఉంది, ఇప్పుడు అర్థమైంది.

సున్నం_గానుగ
బ్రహ్మాండం. ఏ రాయినీ కదపకముందే ఎక్కడుందో ఫొటో తీసి, నంబరు వేసి, గీసుకోండి. రంగు డబ్బాతో రాయి ముఖం మీద రాయకండి, కనపడని వైపు చిన్నగా చాలు. స్తంభం ఎక్కడ పడిందో దాన్నిబట్టే అది ఏ పీటదో తెలుస్తుంది. జేసీబీతో ఒక పక్కకి నెట్టేస్తే ఆ ఆధారం పోయినట్టే.

పీట మీద స్తంభం నిలబెట్టడం వరకు ఎవరూ తప్పు పట్టరు, అది ఉన్న రాయిని ఉన్న చోట పెట్టడమే. విరిగిన దూలాన్ని స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీతో అతకొచ్చు. ఇనుము వద్దు, తుప్పు పడితే ఉబ్బి రాయినే చీల్చేస్తుంది. మిగతా దూలాల కోసం కొత్త రాయి చెక్కించాలా, స్తంభాల వరకే ఆగాలా అన్నది మీరూ ఆ ఇంజినీరూ తేల్చుకోవాలి. నేనైతే ఆగుతాను. కామేశుగారు ఆగరు.

పూజారింటి_కామేశు
ఆగను. ఎండలో అభిషేకం చేసేది మాలాంటి పూజారులే.

రాతిపని_సూరి
ఇంకో మాట. గోడ మీద రావి మొక్క ఉండే ఉంటుంది. దాన్ని పీకకండి. పీకితే రాయి కూడా వస్తుంది.

సున్నం_గానుగ
ఇది నూటికి నూరుపాళ్ళు నిజం. కొమ్మ కోసి, మొదలు చచ్చేదాకా మందు పెట్టి, వేరు ఎండాక రాళ్ళు విప్పేటప్పుడే తీయాలి. అందాకా ఆ వేరే రాళ్ళని పట్టుకుని ఉంటుంది.

పగులు కొలతలో ఇంకో పని చేయండి. గాజు విరిగిందా లేదా అన్నదే చెబుతుంది, ఎంత కదిలిందో చెప్పదు. పగులుకి అటూ ఇటూ రెండు ఇత్తడి మేకులు సున్నంతో పాతి, లేతు షాపులో వెర్నియర్ అడిగి తెచ్చుకుని, నెలనెలా ఒకే వేళకి కొలవండి. ఎండాకాలం, వానాకాలం రెండూ దాటాలి. మామూలుగా ఎండకీ చలికీ కాస్త తెరుచుకుని మూసుకుంటుంది, అది భయం కాదు. తెరుచుకుని మళ్ళీ వెనక్కి రాకపోతేనే భయం.

వంశధార_గట్టు
చాలా నెలల తర్వాత వస్తున్నాను, తిట్టుకోకండి. గాజు ఆగస్టులో విరిగింది. మేకుల మధ్య కొలతలు మిల్లీమీటర్లలో: జూన్ 112.4, ఆగస్టు 112.6, అక్టోబరు 113.1, జనవరి 113.0, ఏప్రిల్ 113.0.

సున్నం_గానుగ
వానల్లో తెరుచుకుంది, ఎండాక దాదాపు అక్కడే ఆగింది, వెనక్కి రాలేదు. నీటికీ ఆ మూలకీ ఏదో సంబంధం ఉంది. ఏరు అటువైపేనా?

వంశధార_గట్టు
కాదు, ఏరు పడమర. అందుకే ఆ ఇంజినీరు మళ్ళీ వచ్చి ఈశాన్యం మూల బయట చిన్న గుంట తవ్వించాడు. పునాది మూడడుగులే. మట్టి బురదలా ఉంది, ఏప్రిల్లో! మిగతా మూలల్లో పొడి. కాసేపు చూసి ఉత్తరం గోడలోంచి అభిషేకం నీళ్ళు బయటికి వచ్చే సోమసూత్రం ఏదని అడిగాడు. ఎవరికీ తెలీదు. నీళ్ళు పోసి చూస్తే బయటికి ఒక్క చుక్క రాలేదు.

పూజారింటి_కామేశు
అంటే రోజూ పోసే బిందెలన్నీ గోడ కిందే ఇంకుతున్నాయా? శివశివా.

వంశధార_గట్టు
అవును. గుడి చుట్టూ ప్రదక్షిణకని ఒక అడుగు ఎత్తు సిమెంటు అరుగు వేశారు. అది సోమసూత్రం మూతిని మూసేసింది. వాననీళ్ళు కూడా అరుగు మీంచి గోడ వైపే వాలుతున్నాయి.

బరంపురం_బాబు
ఆ అరుగు వేసిన పుణ్యాత్ముడెవరో?

వంశధార_గట్టు
మా నాన్న. మా నానమ్మ పేరు మీద వేయించాడు. నల్లరాతి ఫలకం కూడా ఉంది, దాత పేరుతో.

బరంపురం_బాబు
క్షమించండి. నేనేమీ అడగలేదు.

సున్నం_గానుగ
బాధపడకండి. నేను చూసిన గుళ్ళలో సగానికి ఇలాంటి అరుగే జబ్బు. అరుగు ఉత్తరం వైపు పగలగొట్టి, సోమసూత్రానికి తొట్టి కట్టి, నీటిని గోడకి దూరంగా వదలండి. ఇంకో వానాకాలం మేకులు కొలవండి. అక్టోబరులో 113 దగ్గరే ఉంటే డొల్ల గోడకి సున్నం పాలు, ఆ తర్వాత మండపం. గోపురం విరిగిన పైభాగం మీద నీరు నిలవకుండా సున్నపు కాంక్రీటు మూతలా వాలుగా వేయించండి, ఎత్తు పెంచకండి.

రాతిపని_సూరి
సున్నం అయితే గానుగ పట్టించాలి, కరక్కాయ నీళ్ళు, బెల్లం. నా దగ్గర గానుగ రాయి ఉంది, వాడి పాతికేళ్ళయింది. కావాలంటే పంపిస్తా. కూలీ మాత్రం మాట్లాడుకోవాలి.

సిరోంచ_శ్రీను
ఇంతకీ గుడి కడుతున్నారా లేదా?

వంశధార_గట్టు
అరుగు రేపు పగలగొడుతున్నాం. ఊళ్ళో సగంమంది ఇంకా గోపురం కోసమే చందా ఇచ్చామంటున్నారు, కొందరు డబ్బు వెనక్కి అడుగుతున్నారు. నాన్న ఏమీ అనలేదు. ఫలకం మాత్రం ముక్కలు కాకుండా తీయమన్నాడు.